జింకు మీద ఆమ్లం పోసే ప్రయోగం: పిల్లలతో చేయించాలా, మనమే చేసి చూపించాలా?

ప్రశ్న: సార్, ఒడిశాలోని కాశీనగర్ దగ్గర ఒక హైస్కూల్లో ఈ ఏడాదే సైన్స్ టీచరుగా చేరాను. పదో తరగతిలో 44 మంది. ల్యాబ్ అంటే ఒక గది, రెండు బల్లలు, ఒక అల్మారా. కొళాయి లేదు. జింకు, సల్ఫ్యూరిక్ ఆమ్లంతో హైడ్రోజన్ తయారుచేసే ప్రయోగం పిల్లలతో చేయించాలా, నేనే చేసి చూపించాలా? ఏమైనా జరిగితే బాధ్యత అంతా నాదేనా? చాలా టెన్షన్‌గా ఉంది.

సమాధానం:

అమ్మా, పిల్లలతోనే చేయించండి. అయితే మూడు షరతులు. గాఢ ఆమ్లం సీసా పిల్లలున్న గదిలోకి రాకూడదు. ప్రయోగానికి ముందే గదిలో నీళ్ళు ఉండాలి. 44 మందీ ఒకేసారి లోపల ఉండకూడదు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా ఆ రోజుకి మీరే చేసి చూపించండి, అందులో తప్పేమీ లేదు. బాధ్యత సంగతి అడిగారు కాబట్టి చెబుతున్నాను. తరగతి జరుగుతున్నంతసేపూ అది మీదే. ఆమ్లం కొనడం, దాచడం, లెక్క రాయడం విషయంలో హెడ్‌మాస్టరుదీ మీదీ. దాని గురించి చివర్లో రాస్తాను.

గుణుపురం, పర్లాకిమిడి చుట్టుపక్కల బడుల్లో ముప్పై ఏళ్ళకు పైగా కెమిస్ట్రీ చెప్పాను. నా అనుభవంలో ఈ ప్రయోగంలో ప్రమాదాలు ఎక్కువగా ఒక్క చోటే జరుగుతాయి. జింకు ముక్క మీద బుడగలు సరిగా రావు. పిల్లలు ఎదురుచూస్తుంటారు, పీరియడ్ అయిపోవస్తుంటుంది. అప్పుడు టీచరు అల్మారాలోంచి గాఢ ఆమ్లం సీసా తీసి టెస్ట్ ట్యూబులో ఒక్కసారిగా ఒంపేస్తారు. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు నేను చేసింది సరిగ్గా ఇదే. ట్యూబులో ఉన్న నీరు ఒక్కసారిగా మరిగి పైకి ఎగజిమ్మింది. ట్యూబు పట్టుకున్న అమ్మాయి మణికట్టు మీద, పక్కనున్న పిల్లవాడి చొక్కా మీద పడింది. గదిలో తాగే నీళ్ళ కుండ తప్ప ఇంకేమీ లేదు. అది రెండు చెంబులకే ఖాళీ అయిపోయింది. బోరింగు దగ్గరికి పరుగెత్తుకుంటూ తీసుకెళ్ళేసరికి చాలా సమయం పోయింది. ఆ అమ్మాయి చేతి మీద మచ్చ మిగిలిపోయింది. నేను కింద రాసే పద్ధతంతా ఆ రోజు తరువాత ఏర్పరచుకున్నదే.

ఆమ్లం కలపడం ముందు రోజు పని, మీ ఒక్కరి పని

పిల్లలకు కావలసింది సజల ఆమ్లం మాత్రమే. ఎంత కావాలో లెక్క వేద్దాం. 44 మందిని 22 మంది చొప్పున రెండు జట్లు చేయండి. ఒక జట్టులో ముగ్గురేసి ఒక గుంపు, చివరి గుంపులో నలుగురు. అంటే ఏడు గుంపులు, రెండు జట్లకు కలిపి పద్నాలుగు. గుంపుకి 5 మి.లీ. చొప్పున 70 మి.లీ. సరిపోతుంది. ఒలికిపోయినా మళ్ళీ చేయాల్సి వచ్చినా ఉండటానికి 250 మి.లీ. కలుపుకోండి.

ఈ ప్రయోగానికి 1 మోలార్ గాఢత చాలు. సీసాలో వచ్చే 98 శాతం గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం దాదాపు 18 మోలార్ ఉంటుంది. కాబట్టి 250 మి.లీ. తయారీకి కావలసిన గాఢ ఆమ్లం 14 మి.లీ. మాత్రమే. తరగతి మొత్తానికి మూడు చిన్న చెంచాలంత. ఈ సంగతి తెలిస్తే రెండున్నర లీటర్ల సీసాని బల్ల మీదకి తేవలసిన అవసరమే లేదని అర్థమవుతుంది.

కలిపే తీరు ఇది. 500 మి.లీ. బోరోసిలికేట్ బీకరులో ముందుగా 225 మి.లీ. నీళ్ళు పోయండి. బ్యాటరీలకు అమ్మే డిస్టిల్డ్ వాటర్ అయితే మంచిది. చల్లని నీళ్ళున్న పళ్ళెంలోనో బేసిన్‌లోనో ఆ బీకరుని నిలబెట్టండి. తడి లేని చిన్న కొలజాడీలో 14 మి.లీ. ఆమ్లం కొలవండి. గాజు కడ్డీ మీదుగా, నాలుగైదు విడతలుగా, ఒక్కో విడతకీ కలియబెడుతూ నీళ్ళలోకి ఆమ్లం పోయండి. బీకరు చేతికి తెలిసేంత వెచ్చబడుతుంది. చల్లారాక 250 గీత దాకా నీళ్ళు కలిపి, అప్పుడు సీసాలోకి పట్టండి.

ఆమ్లంలో నీళ్ళు ఎందుకు పోయకూడదో పిల్లలకు కంఠస్థం చేయించడం కంటే కారణం చెప్పడం మేలు. సల్ఫ్యూరిక్ ఆమ్లం నీటికంటే దాదాపు రెండింతలు బరువైనది, సాంద్రత 1.84. దాని మీద నీళ్ళు పోస్తే కిందికి కలవకుండా పైనే తేలతాయి. ఆ రెండూ కలిసే పలుచని పొరలో పుట్టే వేడంతా ఆ కాసిని నీళ్ళ మీదే పడుతుంది. అవి అక్కడికక్కడే మరిగి ఆవిరై, ఆమ్లాన్ని వెంటబెట్టుకుని ముఖం మీదికి ఎగురుతాయి. నీళ్ళు ఎక్కువగా ఉండి ఆమ్లం కొంచెం కొంచెంగా దిగితే, ఆ వేడిని నీళ్ళన్నీ పంచుకుంటాయి. వేడి అంతే పుడుతుంది, పంచుకునే నీళ్ళ పరిమాణంలోనే తేడా.

మామూలు గాజు సీసాలో, మందపాటి జాడీలో కలపవద్దు. ఆ వేడికి అడుగు పగులుతుంది. గాఢ ఆమ్లం సీసాని మెడ పట్టుకుని మోయకండి. ఒక ప్లాస్టిక్ బకెట్‌లో పెట్టి రెండు చేతులా పట్టుకెళ్ళండి. ఈ పని ప్యూనుకి గానీ, "నేను చేస్తా మేడమ్" అని ముందుకొచ్చే చురుకైన పిల్లవాడికి గానీ అప్పగించవద్దు.

బుడగలు రాకపోతే

కలిపిన రోజే మీరు ఒక్కరూ ఒక ట్యూబులో ప్రయోగం చేసి చూడండి. ఇది తప్పనిసరి. జింకు మరీ శుద్ధంగా ఉంటే 1 మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో చర్య చాలా మందంగా సాగుతుంది. పాత జింకు ముక్కల మీద తెల్లటి పొర ఉన్నా అంతే. ముందుగా ముక్కల్ని సజల ఆమ్లంలో ఒక్క నిమిషం ఉంచి నీళ్ళతో కడగండి. అప్పటికీ మందంగా ఉంటే ట్యూబులో రెండు మూడు చుక్కల మైలుతుత్తం ద్రావణం వేయండి. జింకు మీద రాగి సన్నగా పేరుకుని, ఆ రెండు లోహాల మధ్య చిన్న విద్యుత్ ఘటంలా పనిచేస్తుంది. బుడగలు వెంటనే జోరందుకుంటాయి. జింకు ముక్క నల్లబడితే కంగారుపడకండి, అది రాగే.

ఈ మైలుతుత్తం డ్రాపర్ సీసా బల్ల మీద ఉంటే గాఢ ఆమ్లం వైపు చెయ్యి వెళ్ళదు. ఇంకో సంగతి. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో జింకు హైడ్రోజన్ ఇవ్వదు, ఘాటైన సల్ఫర్ డైఆక్సైడ్ ఇస్తుంది. అంటే "జోరుగా రావాలని" గాఢ ఆమ్లం వేసినవారికి అసలు కావలసిన వాయువే దక్కదు. దగ్గు, కళ్ళమంటలే మిగులుతాయి.

నీళ్ళ ఏర్పాటు

కొళాయి లేదన్నారు. ఆమ్లం ఒంటి మీద పడితే కనీసం 20 నిమిషాలు నీళ్ళు పారుతూనే ఉండాలి. నిమిషానికి రెండు లీటర్ల చొప్పున పోసినా 40 లీటర్లు కావాలి. ఒక బకెట్ చాలదు. మా బడిలో ఇలా చేశాం. అడుగున ట్యాప్ బిగించిన 50 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్మును ఎత్తైన బల్ల మీద పెట్టి, ట్యాపుకి రెండడుగుల రబ్బరు గొట్టం తగిలించాం. కింద ఒక పెద్ద బేసిన్. ప్రయోగం ఉన్న రోజు పొద్దున్నే నీళ్ళు మార్చి నింపేవాళ్ళం. ముందు రోజువి కావు. పక్కన మరో రెండు బకెట్లు, మగ్గులు.

కంట్లో పడితే గొట్టం ధార చిన్నదిగా పెట్టి, రెప్పల్ని వేళ్ళతో విప్పి పట్టుకుని, ముక్కు వైపు నుంచి చెవి వైపుకి నీళ్ళు పారేలా కడగాలి. పిల్లవాడు నొప్పికి కన్ను మూసేస్తాడు, కాబట్టి రెప్పలు పట్టడానికి మరొకరు కావాలి. 20 నిమిషాలు పూర్తయ్యాకే ఆసుపత్రికి, దారిలోనూ కడుగుతూ. బట్టల మీద పడితే ఆ బట్ట వెంటనే తీసేయాలి. ఆడపిల్లల కోసం ఒక దుప్పటి గదిలో ఉంచండి. సిగ్గుపడి తడిసిన బట్టతోనే నిలబడిపోతారు, అలాంటివి చూశాను.

వంట సోడా బల్ల మీద, నేల మీద ఒలికినదానికే. చర్మానికి, కంటికి రుద్దవద్దు. సోడా కోసం వెతికే ఆ నిమిషంలో ఆమ్లం చేయాల్సిన హాని చేసేస్తుంది. నీళ్ళే మందు.

ప్రయోగం నడిపే తీరు

మిగతా 22 మందిని మరో టీచరు చూసుకోవాలి. ఆ రోజు ఎవరూ దొరకకపోతే మీరే చేసి చూపించండి. ఒక్కరే ఇటు ప్రయోగం, అటు వరండాలో మిగతా పిల్లలు అని రెండు వైపులా చూడలేరు.

గాగుల్స్ లేకుండా ఎవరూ బల్ల దగ్గరికి రాకూడదు. 22 జతలు ఉంటే రెండు జట్లకూ సరిపోతాయి. మధ్యలో తుడిచి ఇవ్వండి. చూపు కోసం పెట్టుకునే అద్దాలు పక్కల నుంచి వచ్చే చిందుని ఆపవు, వాటి మీదే గాగుల్స్ పెట్టుకోవాలి. చున్నీ పిన్ను పెట్టి, జడ వెనక్కి వేసి కట్టాలి. సంచులు బయట. పిల్లలు నిలబడే చేయాలి. కూర్చుంటే బల్ల మీద ఒలికిన ఆమ్లం నేరుగా ఒళ్ళోకి కారుతుంది. ఉత్తకాళ్ళతో వచ్చే పిల్లలు మన దగ్గర ఉంటారు. వాళ్ళని పక్కన కూర్చోబెట్టి చిన్నబుచ్చకండి, గదిలో నాలుగు జతల పాత బూట్లు ఉంచండి.

ప్రతి గుంపుకీ మీరే డ్రాపరుతోనో చిన్న కొలజాడీతోనో 5 మి.లీ. సజల ఆమ్లం ట్యూబులో పోసి, ట్యూబుని స్టాండులో పెట్టి ఇవ్వండి. జింకు ముక్కలు ఒకటి రెండు చాలు. 5 మి.లీ. నుంచి సుమారు 120 మి.లీ. హైడ్రోజన్ వస్తుంది. అంటే మామూలు టెస్ట్ ట్యూబులు నాలుగైదు నిండుతాయి. అంతకంటే ఎక్కువ వాయువుతో బడిలో పని లేదు.

ఇప్పుడు మంట సంగతి. చాలామంది వెలుగుతున్న పుల్లని నేరుగా బుడగలు వస్తున్న ట్యూబు నోటి దగ్గర పెట్టిస్తారు. ఆ చప్పుడుతో పాటు ఆమ్లపు తుంపర కూడా లేస్తుంది. దానికి బదులు పొడిగా ఉన్న మరో ట్యూబుని తలకిందులుగా, చర్య జరుగుతున్న ట్యూబు నోటి మీద ఒక నిమిషం పట్టించండి. హైడ్రోజన్ గాలికంటే తేలిక, పైకెక్కి అందులో నిలుస్తుంది. దాన్ని తలకిందులుగానే పట్టుకుని, దూరంగా మీ బల్ల మీద ఉన్న ఒకే ఒక్క మంట దగ్గరికి తేవాలి. గదిలో రెండో మంట ఉండకూడదు. స్పిరిట్ ల్యాంపు వెలుగుతుండగా స్పిరిట్ నింపడం, స్పిరిట్ సీసా ఆ బల్ల మీదే ఉంచడం చాలా ప్రమాదం. ఈ పనికి కొవ్వొత్తి చాలు.

గాలి కలిసిన హైడ్రోజన్ "టప్"మని పెద్దగా అరుస్తుంది. శుద్ధమైనది మెల్లగా కాలుతుంది. కాబట్టి చప్పుడు పెద్దగా వస్తే పిల్లలు చప్పట్లు కొట్టినా మీరు గుర్తుంచుకోవలసింది, అందులో గాలి ఉందని. గాలిలో 4 శాతం నుంచి 75 శాతం దాకా హైడ్రోజన్ ఉంటే అది పేలగలదు. చిన్న ట్యూబులో ఇది చప్పుడే, ఫ్లాస్కులో అయితే గాజు పెంకులు. అందుకే ఫ్లాస్కు నుంచి వచ్చే గొట్టం చివర ఎప్పుడూ వెలిగించవద్దు. సబ్బు నీళ్ళలోకి వాయువు పంపి బుడగల్ని వెలిగించే ప్రయోగం చేస్తే, బుడగని చెంచాతో తీసి దూరం తెచ్చాకే మంట చూపండి. గిన్నె దగ్గరికి మంట తేవద్దు.

మన ప్రాంతపు సంగతి ఒకటి. బడి ఒడియాలో, ఇంట్లో తెలుగు, కొండ మీది పిల్లలకి సవర. గోడ మీద ఇంగ్లీషులో పది నియమాల చార్టు వేలాడదీస్తే ఎవరికీ ఎక్కదు. మొదటి రోజే ప్రతి గుంపులోంచి ఒకర్ని లేపి, నియమాన్ని వాళ్ళ ఇంటి భాషలో చెప్పమనడాన్ని మించిన పద్ధతి నాకు దొరకలేదు. చెప్పలేకపోతే అర్థం కాలేదని అక్కడే తెలుస్తుంది. ఆపద పిలుపు మాత్రం అందరికీ ఒకటే పెట్టుకున్నాం. ఏది పడినా, ఎవరి మీద పడినా "పాణీ" అని అరవాలి. ఆ మాట వినగానే మిగతావాళ్ళు ట్యూబులు స్టాండులో పెట్టి గోడ వైపు జరగాలి, దారి ఖాళీ అవ్వాలి. ఆమ్లం లేని రోజు రెండుసార్లు ఇది ఆడించి చూడండి.

సీసాల మీద పేరు ఒడియా, తెలుగు, ఇంగ్లీషు మూడింటిలోనూ రాసి, పైన పారదర్శక టేపు అంటించండి. తేమకి కాగితం ఊడిపోతుంది. కూల్‌డ్రింక్ సీసాల్లో, నీళ్ళ సీసాల్లో ఏ రసాయనమూ పోయవద్దు, ఒక్క గంట సేపటికైనా సరే. దాహంతో వచ్చిన పిల్లవాడు సీసా ఆకారమే చూస్తాడు, చీటీ చదవడు.

అయిపోయాక

జింకు ఇంకా బుడగలు వదులుతుండగా ట్యూబుల్లోది సీసాలో పోసి మూత బిగించవద్దు. లోపల హైడ్రోజన్ నిండి మూత ఎగురుతుంది, సీసా పగలవచ్చు. మూత లేని ప్లాస్టిక్ టబ్బులో చేర్చి, కిటికీ దగ్గర మర్నాటి దాకా వదిలేయండి. జింకు ముక్కలు ఏరి కడిగి ఆరబెడితే మళ్ళీ పనికొస్తాయి. మిగిలిన ద్రవంలో పొంగు ఆగేదాకా కొంచెం కొంచెంగా వంట సోడా వేసి, బాగా నీళ్ళు కలిపి పారబోయండి. బావి దగ్గర, పశువులు తాగే గుంట దగ్గర మాత్రం కాదు. పిల్లలు చేతులు సబ్బుతో కడుక్కున్నాకే మధ్యాహ్న భోజనానికి వెళ్ళాలి. అది మీరు నిలబడి చూడాలి.

బాధ్యత, రిజిస్టరు

ఆమ్ల దాడుల కేసులో సుప్రీంకోర్టు 2013 జూలైలో ఇచ్చిన ఆదేశాల్లో బడులకు, కాలేజీలకు కూడా వర్తించేవి ఉన్నాయి. ఆమ్లం వాడకానికి రిజిస్టరు పెట్టాలి, దాన్ని సబ్-డివిజనల్ మేజిస్ట్రేటుకు, అంటే మన దగ్గర సబ్-కలెక్టరు ఆఫీసుకు, దాఖలు చేయాలి. ఆమ్లం ఎవరి అధీనంలో ఉందో ఒక వ్యక్తిని బాధ్యులుగా నిర్ణయించాలి. ల్యాబు నుంచి బయటికి వెళ్ళే విద్యార్థుల్ని తనిఖీ చేయాలి.

కాబట్టి చేరిన కొత్తలోనే హెడ్‌మాస్టరుతో మాట్లాడి, ఆ బాధ్యులు ఎవరో కాగితం మీద రాయించుకోండి. అల్మారా తాళం రెండు చోట్ల ఉండకూడదు. రిజిస్టరులో తేదీ, తీసింది ఎంత, దేనికి, మిగిలింది ఎంత, సంతకం. పైన చెప్పిన ప్రయోగానికి "14 మి.లీ., పదో తరగతి, హైడ్రోజన్" అని ఒక్క వరుస చాలు. గాగుల్స్, డ్రమ్ము, రెండో టీచరు కావాలని రాతపూర్వకంగా అడగండి, నకలు దగ్గర ఉంచుకోండి. నోటితో అడిగినవి ఎవరికీ గుర్తుండవు. ఇవ్వకపోతే ఆ రోజు మీరు చేసి చూపించి ఊరుకోవడం మీ హక్కు.

ప్రయోగం జరుగుతుండగా ఆఫీసు నుంచి పిలుపొచ్చినా గది వదలవద్దు. తప్పనిసరైతే ముందు అన్ని ట్యూబులూ వెనక్కి తీసుకోండి, లెక్కపెట్టండి, పిల్లల్ని బయటికి పంపి తాళం వేయండి, ఆ తరువాతే వెళ్ళండి.

చివరిగా మీ అల్మారా గురించి. కొత్తగా చేరినవాళ్ళకి అందులో చీటీ ఊడిన పాత సీసాలు తప్పకుండా కనిపిస్తాయి. ఏముందో తెలుసుకోవడానికి మూత తీసి వాసన చూడకండి, "ఆమ్లమే అయ్యుంటుంది" అని వాడకండి. అమోనియా అని రాసి ఉన్న సీసా అయితే మన ఎండల్లో లోపల ఒత్తిడి పెరిగి ఉంటుంది. దాన్ని తెరవాల్సి వస్తే చల్లటి నీళ్ళలో అరగంట ఉంచి, ముఖం పక్కకి తిప్పి, ఆరుబయట తెరవాలి. పేరు తెలియని వాటిని ఇసుక పోసిన ట్రేలో నిలబెట్టి, అల్మారా కింది అరలో వేరుగా పెట్టి తాళం వేయండి. జాబితా రాసి హెడ్‌మాస్టరు సంతకం తీసుకోండి. దగ్గర్లోని డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ విభాగం వాళ్ళని వచ్చి చూడమని లేఖ రాయించండి. జింకు ప్రయోగం తేదీ ఆ తరువాతే పెట్టుకోండి.